ఒక్క పేజీలో అక్క

అక్క తెచ్చిన బయోడేటా నాలుగు పేజీలుంది. మొదటి పేజీలో పాస్‌పోర్టు సైజు ఫొటో, దాని పక్కన మా నాన్న పేరు, ఆయన చేసిన ఉద్యోగం, కులం, ఎత్తు, రెండు పుట్టుమచ్చలు. పెళ్ళయి, కూతుర్ని ఒకటో తరగతిలో వేసిన మనిషి మళ్ళీ సంబంధాలు చూసుకుంటున్నట్టుంది.

"బావకి తెలుసా ఈ సంగతి?" అన్నాను.

"నవ్వు రావట్లేదురా. సాయంత్రం ఐదింటికల్లా దీన్ని ఒక్క పేజీ చేసి పంపాలి. లేకపోతే ఇక ఇంతే నా బతుకు," అంది అక్క.

అక్కకు ప్రతి ఆదివారం ఏదో ఒక విషయంలో 'ఇక ఇంతే నా బతుకు' అనడం అలవాటు. అందుకని నేను తాపీగా కుర్చీ లాగి వేశాను. ఈసారి మాట నిజమని తెలియడానికి ఇంకాస్త టైము పట్టింది.

నేనప్పుడు నందిగామలో కోర్టు ఎదురు సందులో ఉన్న డి.టి.పి. సెంటర్లో పనిచేసేవాణ్ణి. రెండువేల దశకం సగానికొచ్చిన రోజులు. వారమంతా అఫిడవిట్లు, అమ్మకం దస్తావేజులు, పెళ్ళి కార్డులు. ఆదివారం కోర్టు ఉండదు కాబట్టి సందంతా ఖాళీ. ఓనరు తాళాలు నాకిచ్చి వెళ్ళిపోయేవాడు.

అక్క జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్ళ నుంచి హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తోంది. బావ ఉద్యోగం హైదరాబాదుకి మారింది. ఆయన అక్కడ గదిలో, అక్కా పాపా జగ్గయ్యపేటలో అమ్మ దగ్గర. నేనూ ఆ ఇంట్లోంచే రోజూ నందిగామ వచ్చేవాణ్ణి. కిందటి వేసవి సెలవుల్లో అక్క బావ దగ్గరికి వెళ్ళి, ఖాళీగా కూర్చోకుండా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నేర్చుకొచ్చింది. టెస్టింగ్ అంటే ఏంటని మా అమ్మ అడిగితే నేనే చెప్పాను. ప్రోగ్రాం రాసినవాడు 'పని అయిపోయింది' అన్నాక, అవలేదని రుజువులతో సహా చూపించే ఉద్యోగం. ఇంట్లో అక్క ఆ పని నేను పుట్టిన దగ్గర్నుంచీ జీతం లేకుండా చేస్తూనే ఉంది.

డిగ్రీలో అక్కతో పాటు చదువుకున్న స్నేహితురాలు ఒకామె హైదరాబాదులో ఒక కంపెనీలో టెస్టింగ్ టీములో ఉంది. వాళ్ళ టీములోకి కొత్తవాళ్ళను తీసుకుంటున్నారు. సోమవారం పొద్దున్నే వాళ్ళ మేనేజరు కాయితాలు చూస్తాడు. ఒక్క పేజీ అయితేనే తను చేతికిస్తానంది. ఆ ఉద్యోగం వస్తే ముగ్గురూ ఒకచోట ఉంటారు. రాకపోతే ఇంకో ఏడాది పాప ఫోన్లో నాన్నతో మాట్లాడుకోవడమే.

ఇదంతా రహస్యం. ఎందుకంటే మా వైపు ప్రైవేటు స్కూళ్ళలో చేరేటప్పుడే టీచర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకుంటారు. ఏడాది మధ్యలో టీచరు మానేసి వెళ్ళిపోకుండా అదొక పలుపుతాడు. అక్క డిగ్రీ, బి.ఎడ్. రెండూ వాళ్ళ స్కూలు నడిపే కరస్పాండెంటు గారి బీరువాలో ఉన్నాయి. ఇంకోచోట ఉద్యోగం వెతుక్కుంటోందని ఆయనకు తెలిస్తే ఆ బీరువా తాళం చెవి పోతుంది. అలా చాలామంది విషయంలో పోయింది. మళ్ళీ జూన్లో దొరికేది.

అందుకని అక్క జగ్గయ్యపేటలో నెట్ సెంటర్లన్నీ వదిలేసి, బస్సెక్కి నందిగామ వచ్చింది.

ముందు కోత పని. పుట్టుమచ్చలు పోయాయి. కులం, ఎత్తు, నాన్న పోయారు. ఫొటో పోయింది. చివర 'పైన తెలిపినవన్నీ నిజమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను' అని ఒక ప్రమాణం ఉంది. కోర్టు సందులో పనిచేసేవాడిగా అది తీసే ముందు రెండుసార్లు చదివాను. అయినా రెండు పేజీల పైనే మిగిలింది.

స్నేహితురాలికి ఫోన్ చేసి, నా సెల్లులో స్పీకరు పెట్టాం.

"పైన ఏం రాసావే?" అందామె.

అక్క చదివింది. సవాళ్ళతో కూడిన వాతావరణంలో సంస్థ ఎదుగుదలకు తోడ్పడుతూ తానూ ఎదగాలన్నది తన ధ్యేయమని ఇంగ్లీషులో మూడు లైన్లు.

"తీసెయ్. రోజూ చదువుతా ఆ ముక్క. మా ఆఫీసులో వాచ్‌మన్ కూడా అదే ధ్యేయంతో చేరాడు. నువ్వెవరో, ఏం చెయ్యగలవో రెండు లైన్లలో చెప్పు. చదివేవాడు మొదటిసారి అరనిమిషం కూడా చూడడు. ఆ అరనిమిషంలో కన్ను పడేది పేజీ పైభాగం మీదే. నీ ఎనిమిదేళ్ళ టీచరు ఉద్యోగం అక్కడ పెట్టావంటే, పాపం మంచి టీచరని పక్కన పెడతాడు."

"మరి పైన ఏం పెట్టను? కోర్సు తప్ప ఇంకేం లేదుగా నా దగ్గర."

కోర్సు చెప్పిన ఇన్‌స్టిట్యూటువాళ్ళు అందరికీ ఒక తయారు పేజీ ఇచ్చారు. ఎవరూ చూడని కంపెనీలో రెండేళ్ళ అనుభవం, ఎవరూ కట్టని ఆసుపత్రికి రాసిన ప్రోగ్రాం. పేరు మార్చుకుంటే చాలు. నేను అది వాడేద్దామన్నాను. అక్క నా వంక పదో తరగతి చివరి బెంచీ వంక చూసినట్టు చూసింది.

"కాపీ కొట్టినవాళ్ళని ఎలా పట్టుకుంటానో తెలుసా? ఒప్పుల్ని బట్టి కాదు. ఇద్దరి పేపర్లోనూ ఒకే చోట ఒకే తప్పు ఉంటది. ఆ కోర్సులో నాతో కూర్చున్నవాళ్ళందరూ ఇదే పంపుతారు. అవతలవాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు పేపర్లు దిద్దినవాడే అయ్యుంటాడుగా."

"అది రాస్తే నేనే నీ కాయితం చింపేస్తా," అంది ఫోన్లో స్నేహితురాలు. "సరే, ఇది చెప్పు. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏదైనా ప్రోగ్రాంలో తప్పు పట్టావా?"

"ప్రోగ్రాం అంటే... మా స్కూల్లో మార్కుల ప్రోగ్రాం ఉంది. అది వేరే తలనొప్పి."

"చెప్పు ఆ తలనొప్పి."

అక్క విసుగ్గా చెప్పుకొచ్చింది. వాళ్ళ స్కూల్లో ప్రోగ్రెస్ కార్డులు కంప్యూటర్లో తీస్తారు. ఆ ప్రోగ్రాం రాసింది కరస్పాండెంటు గారి బావమరిది. క్వార్టర్లీ పరీక్షల తరవాత, లెక్కల్లో సరిగ్గా ముప్పై ఐదు వచ్చిన పిల్లాడికి ఫెయిలని వచ్చింది. వాడి జన్మలో మొదటిసారి పాసయ్యాడు పాపం. వాళ్ళమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. అక్క కంప్యూటరు ముందు కూర్చుని, లేని పిల్లాడి పేరొకటి సృష్టించి, ముప్పై నాలుగు వేసి చూసింది, ముప్పై ఐదు వేసి చూసింది, ముప్పై ఆరు వేసి చూసింది. మధ్యదొక్కటే తప్పు. ప్రోగ్రాంలో 'ముప్పై ఐదు, ఆ పైన' అని ఉండాల్సింది 'ముప్పై ఐదు కంటే ఎక్కువ' అని ఉంది. ఏ అంకె వేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది అని వరసగా కాయితం మీద రాసి బావమరిదికిచ్చింది. ఆయన మర్నాడు సరిచేశానన్నాడు. అక్క మళ్ళీ అన్ని సబ్జెక్టులూ వేసి చూసింది. లెక్కలు బాగైంది. హిందీ పాడైంది. పదో తరగతి హిందీకి ఇరవై వస్తే పాస్. ఆయన సరిచేసే ఊపులో అన్నిటికీ ముప్పై ఐదే పెట్టేశాడు. హిందీలో సగం క్లాసు పోయింది. మళ్ళీ రాసిచ్చింది, మళ్ళీ చూసింది.

 

"ఏమే," అంది స్నేహితురాలు నెమ్మదిగా, "ఇది కడుపులో పెట్టుకుని పుట్టుమచ్చలు రాసావా?"

ఆ తరవాత పని ఊపందుకుంది. పైన పేరు, ఫోన్, మెయిలు. దాని కింద రెండే లైన్లు: ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, మాన్యువల్ టెస్టింగ్ నేర్చుకుంది, ఒక నిజమైన ప్రోగ్రాం మీద చేసి చూసింది. తరవాత వచ్చిన విద్యలు: టెస్ట్ కేసులు రాయడం, హద్దుల దగ్గర విలువలు వేసి చూడడం, కనపడ్డ లోపాన్ని రాసిపెట్టి అది సరయ్యేదాకా వెంటపడడం, డేటా వెతికే ఎస్.క్యూ.ఎల్. భాష కొంచెం. అడిగితే జవాబు చెప్పలేనివి రెండు అక్కే కొట్టేసింది. ఆ కింద మార్కుల ప్రోగ్రాం సంగతి మూడు లైన్లు. అప్పుడు గానీ స్కూలు ఉద్యోగం రాలేదు. అది కూడా కొత్త బట్టలు వేసుకుని వచ్చింది. 'లెక్కలు బోధించితిని' పోయి, 'ఏ పాఠానికి ఎన్ని మార్కులో ముందే పట్టిక వేసుకుని, ఏదీ వదలకుండా ప్రశ్నపత్రాలు తయారుచేయడం' వచ్చింది. 'తప్పెక్కడ జరిగిందో చేసినవాళ్ళు నొచ్చుకోకుండా వివరించడం' వచ్చింది.

"ఈ రెండోది ఎవరితో చేసావక్కా? నాతో ఎప్పుడూ చెయ్యలేదే," అన్నాను.

"నువ్వు తప్పు చేసినవాడివి కాదురా. నువ్వే తప్పు."

చివరికి చదువు రెండు లైన్లు. హిందీ ప్రచార పరీక్షలు, జిల్లా స్థాయి ముగ్గుల పోటీలో రెండో బహుమతి కన్నీళ్ళ మధ్య సెలవు తీసుకున్నాయి. కన్నీళ్ళు అక్కవి. అక్షరాల సైజు పది దాకా దించాను. అంతకంటే దించితే చదివేవాడికి కళ్ళజోడు కూడా మనమే పంపాలి.

అట్టడుగున ఒక్క లైనుకు చోటు మిగిలింది.

"ఎప్పుడు చేరగలవో రాయి," అంది స్నేహితురాలు. "వెంటనే అని రాయవే. ఖాళీలు ఇప్పుడున్నాయి. తరవాత నా చేతిలో లేదు."

అక్క గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. జనవరి నెలాఖరు. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. సబ్జెక్టు మధ్యలో వదిలేస్తే, ఆ చివరి రెండు నెలలకు లెక్కల టీచరు ఎక్కడా దొరకరు. దొరికినా పిల్లలకు అలవాటయ్యేసరికి పరీక్షలైపోతాయి.

"రాయమంటావా?" అన్నాను.

"రాయి," అంది కిటికీ వైపు తిరిగి.

రాశాను. ఫోన్ పెట్టేశాం. ఇక మెయిల్లో పంపడమే. కానీ అక్క టీచరు. తెర మీద చదివితే తప్పులు దాక్కుంటాయట, కాయితం మీద ఎర్ర పెన్నుతో చూస్తే గానీ పంపనంది. ప్రింటు కొట్టాను. ప్రింటరు ఒకసారి మూలిగింది. కరెంటు పోయింది.

మధ్యాహ్నం కోత. కంప్యూటరుకి యు.పి.ఎస్. ఉంది, ప్రింటరుకి లేదు. యు.పి.ఎస్. కీచుకీచుమంటూ ఉండగా గుమ్మంలో మనిషి నీడ పడింది. చంకలో రెక్సిన్ బ్యాగు. కరస్పాండెంటు గారు.

ఇక్కడ ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. స్కూలు ప్రశ్నపత్రాలు జగ్గయ్యపేటలో టైపు చేయిస్తే బయటికి పొక్కుతాయని ఆయన నమ్మకం. అక్కడ ప్రతి డి.టి.పి. ఓనరు కొడుకూ ఏదో ఒక స్కూల్లో చదువుతూనే ఉంటాడు. అందుకని ఊరు దాటి, అక్క చెప్పగా, నా దగ్గరికి వచ్చేవారు. వచ్చి ప్రింటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. దాంట్లోంచి ఏ కాయితం వచ్చినా ముందు ఆయన చెయ్యే పడాలి. బాగుంటే బ్యాగులోకి, పాడైతే నాలుగు ముక్కలై బ్యాగులోకి. చివర్లో కంప్యూటర్లో చెత్తబుట్ట కూడా ఆయన కళ్ళముందే ఖాళీ చెయ్యాలి. మామూలుగా పనిదినాల్లో సాయంత్రాలు వచ్చేవారు. అంటే ఆయనా, అక్కా ఇద్దరూ జగ్గయ్యపేట కళ్ళు తప్పించుకోవడానికి నందిగామలో ఒకే గది ఎంచుకున్నారన్నమాట.

"ఏవయ్యా, కరెంటు లేదా?"

"ఇప్పటిదాకా ఉందండి. మిమ్మల్ని చూసి లేచి వెళ్ళింది."

అప్పుడు అక్కను చూశారు. "మీరేంటమ్మా ఇక్కడ?"

"తమ్ముడికి క్యారేజీ తెచ్చానండి."

జగ్గయ్యపేట నుంచి నందిగామ బస్సులో ముప్పావు గంట. అంత దూరం ప్రయాణం చేసిన క్యారేజీ ఎక్కడుందా అని ఆయన కళ్ళు గదంతా తిరిగాయి.

"వంకాయ కూరండి," అన్నాను. "మా అక్క చేస్తే ఊరు దాటించాల్సిందేనండి."

ఆయన నవ్వారు. తెర మీద రెజ్యూమె మూసేసి, ఆయన తెచ్చిన ఫ్లాపీలోంచి ఫైలు తెరిచాను. పదో తరగతి ప్రీ-ఫైనల్ లెక్కల పేపరు. కిందటిసారి నేను టైపు చేసిన చేతిరాత అక్కదే. రెండు సవరణలు చెప్పారు, చేశాను. "ప్రింటు కొట్టెయ్, కరెంటొస్తే అదే వస్తుందిగా," అన్నారు. కొట్టాను. ఇప్పుడు ప్రింటు వరసలో రెండున్నాయి. ముందు అక్క, వెనక లెక్కల పేపరు.

నెమ్మదిగా ఆ వరస తెరిచి, మొదటిదాన్ని చెరిపేయమని కంప్యూటరుకి చెప్పాను. 'చెరుపుతున్నాను' అని చూపించి అలాగే కూర్చుంది. నా జీవితంలో ఎవరైనా అంత నిజాయితీగా అబద్ధం చెప్పడం అదే మొదలు. ఇక ఉన్న దారి ప్రింటరు వెనక కేబులు పీకడం. ఆ కేబులు సరిగ్గా ఆయన కుర్చీ కాలి కింద ఉంది.

"ఒక్కసారి లేస్తారాండి? కేబులు చూడాలి."

"కరెంటే లేనప్పుడు కేబులు చూసి ఏం చేస్తావయ్యా?"

 ఆయన లాజిక్కు గల మనిషి. అక్క నా వైపు చూసింది. తనకు అర్థమైంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. యు.పి.ఎస్. కీచుమంటోంది. నాకు చెప్పడానికి ఒక్క జోకు రాలేదు. అదొక్కటి చాలు, పరిస్థితి ఎంత విషమించిందో తెలియడానికి.

ఫ్యాను కదిలింది. ప్రింటరు ఒళ్ళు విరుచుకుంది. అక్క చెయ్యి చాపింది. కానీ ఆ విషయంలో ఆయన అనుభవం ముందు అక్కది ఏ మూలకి! కాయితం సగం బయటికొచ్చేసరికే ఆయన వేళ్ళ మధ్య ఉంది.

ఆయన దాన్ని పేపరు దిద్దుతున్నట్టు లైను లైనుకీ వేలు పెట్టి చదివారు. అరనిమిషం కాదు, చాలాసేపు. ఆ కాయితాన్ని అంత శ్రద్ధగా ఆ తరవాత ఏ కంపెనీలోనూ చదివుండరు. లెక్కల పేపరు కూడా వచ్చి ట్రేలో పడింది. దాన్ని ముట్టుకోలేదు. ఆయన పద్ధతి తప్పడం చూసింది ఆ ఒక్కసారే.

"వెంటనే అంటే ఎప్పుడమ్మా?" అన్నారు చివరికి.

"అదొక మాటండి, అందరూ అలాగే రాస్తారు," అన్నాను.

"నిన్ను కాదయ్యా అడుగుతోంది."

"ఇంకా పంపలేదండి," అంది అక్క.

"పంపితే? పిలిస్తే? ప్రీ-ఫైనల్ పేపరు మీరే సెట్ చేసారు. దిద్దేది ఎవరు? ఈ అబ్బాయా?"

"నేను దిద్దితే అందరూ పాసేనండి," అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన గొంతు పెంచలేదు. అందుకే నాకు భయం వేసింది. "మీ సర్టిఫికెట్లు మన బీరువాలో ఉన్నాయి. గుర్తుందిగా?"

"గుర్తుందండి."

వేలు పైకి పాకింది. "ఇదేంటి? మన ప్రోగ్రాంలో తప్పా?"

"ఉండేదండి. ఇప్పుడు లేదు."

"ప్రింటింగ్ మిస్టేక్ అని చెప్పాం కదమ్మా తల్లిదండ్రులకి."

"చెప్పింది మీరండి. నేను పట్టుకుంది ప్రోగ్రాంలో."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, వినండి. నేనేం రాక్షసుణ్ణి కాదు. వెళ్ళేవాళ్ళు వెళ్తారు. ఈ మూడు లైన్లు తీసెయ్యండి. మా బావమరిది పరువు హైదరాబాదు దాకా ఎందుకు? తీసేస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు కాయితాలు చేతిలో పెడతా. పిల్లల సంగతి నేను చూసుకుంటా. ఉంచారనుకోండి, బీరువా తాళం నాకు కూడా కనపడదు."

అంటే, ఆ మూడు లైన్లు పోతే అక్క రేపే వెళ్ళొచ్చు. తీసెయ్యక్కా, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాక మళ్ళీ రాసుకుందాం, ఆయనేం హైదరాబాదొచ్చి చూస్తాడా అని కళ్ళతో సైగ చేశాను. అక్క చూసింది. చూసి వదిలేసింది.

"అవి తీస్తే అది లెక్కల టీచరు కాయితమేనండి," అంది. "టెస్టింగ్ చేసానని చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే. అది లేకుండా పంపి ఉపయోగం లేదు."

"మంచిదేగా. మా దగ్గరే ఉండండి."

అక్క ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసుకుంది. అడగలేదు.  కాయితం బల్ల మీద పెట్టి, అట్టడుగున 'వెంటనే' అన్న మాట కొట్టేసి, దాని పక్కన 'ఏప్రిల్ నుంచి' అని రాసింది.

"పైవి ఉంటాయండి. ఇది మారుస్తా. పదో తరగతి ఆఖరు పరీక్ష దాకా మీ దగ్గరే ఉంటా. మీ బావమరిది గారి పేరు ఇందులో లేదు, ఉండదు. పబ్లిక్ పరీక్షలయ్యాక నా సర్టిఫికెట్లు నాకివ్వండి."

"ఏప్రిల్ దాకా వాళ్ళాగుతారా?"

"ఆగకపోవచ్చండి."

అది ఆయన అనుకోని జవాబు. నేనూ అనుకోలేదు. ఫ్యాను తిరుగుతోంది, కాయితం అంచు లేస్తోంది, ఆయన దాన్ని రెండు వేళ్ళతో నొక్కిపట్టుకుని ఆలోచిస్తున్నారు. ఒక పక్క బావమరిది, ఇంకో పక్క పదో తరగతి రిజల్టు. ఆయనకు ఏది దగ్గర చుట్టమో నేను పందెం కాసేవాణ్ణే.

"చదివేవాడు అరనిమిషం కూడా చూడడంటండి," అన్నాను ఆయనకు ధైర్యం చెప్పడానికి.

"ఆఖరు పరీక్ష దాకా. మాటేనా?"

"మాటేనండి."

ఆయన తలూపి, ఆ కాయితాన్ని నాలుగు ముక్కలు చేసి బ్యాగులో వేసుకున్నారు.

"అది మాదండి!" అన్నాను.

"దీంట్లోంచి ఏదొచ్చినా వదలనయ్యా. అలవాటు," అని, లెక్కల పేపరు కూడా తీసుకుని, చెత్తబుట్ట ఖాళీ చేయించుకుని వెళ్ళిపోయారు.

మళ్ళీ ఫోన్ చేస్తే స్నేహితురాలు అరిచింది. "ఏప్రిలా? పిచ్చా నీకు? పక్కన పెట్టేస్తారే!" అక్క పంపమంది. డయలప్పు నెట్టు మూడుసార్లు తెగి, నాలుగోసారి పంపింది. మంగళవారం కబురొచ్చింది. పేజీ బాగుందన్నారట. ఏప్రిల్ చూసి పక్కన పెట్టారట. ఆ ఖాళీలు వేరేవాళ్ళతో నిండిపోయాయి.

ఆ రెండు నెలలూ ఇంట్లో నా జోకులకు గిరాకీ లేదు. బావ ఫోన్లో ఏమీ అనేవాడు కాదు, అదే పెద్ద మాట. అక్క పొద్దున ఏడింటికే స్కూలుకెళ్ళి, చీకటి పడ్డాక వచ్చేది. ఒకసారి పేపర్లు దిద్దుతూ, "నేను చేసింది తప్పంటావా?" అంది. తను నన్ను ఏదైనా అడగడం అపురూపం. "నువ్వు చెప్పిన లెక్కల్లో నాకెప్పుడూ పాస్ మార్కులు రాలేదు, నన్నడక్కు," అన్నాను. నిజానికి నాకు తెలియక అలా అన్నాను.

పరీక్షలయ్యాయి. అక్క బీరువా ముందుకెళ్ళి నిలబడింది. నేనూ పక్కనున్నాను, అవసరమైతే గొడవ పడదామని. గొడవకు అవకాశం ఇవ్వలేదాయన. కవరు తీసి ఇస్తూ, "మావాడు కొత్తగా ఫీజుల ప్రోగ్రాం రాసాడు. వెళ్ళేలోపు ఓసారి చూసిపెట్టండి," అన్నారు. అక్క రెండు మధ్యాహ్నాలు చూసింది. ఏమేం దొరికాయో నాకు తెలియదు గానీ, బావమరిది ఆ వారమంతా ఊళ్ళో లేడు.

పేజీలో 'వెంటనే' అన్నమాట మళ్ళీ పెట్టాం. ఈసారి అది నిజం. స్నేహితురాలు మళ్ళీ తీసుకెళ్ళి ఇచ్చింది. మేలో పిలిచారు. బావకు సెలవు దొరక్క, తోడుగా నేను వెళ్ళాను. కింద మెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరికాను. అది ఆకలి వల్లే.

బయటికొచ్చాక అడిగితే అక్క చెప్పింది. సగం సేపు మార్కుల ప్రోగ్రాం గురించే మాట్లాడారట. తప్పు లెక్కల్లో వస్తే, సరిచేశాక హిందీ కూడా ఎందుకు చూశారు, హిందీ గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా అన్నారట.

"నువ్వేం చెప్పావు?"

"పిల్లలకి ఒక లెక్క దిద్దితే పక్క లెక్కలో కొత్త తప్పు చేస్తారండి, అందుకని పేజీ మొత్తం చూడడం అలవాటు అన్నా." గేటు వైపు నడుస్తూ, "ఏమనుకున్నారోరా," అంది.

బానే అనుకున్నట్టున్నారు. జూన్లో చేరింది, ట్రెయినీగా, తనకంటే చిన్నవాళ్ళ కింద. పాప స్కూలు మారింది. మొదటి రోజు సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"ఎలా ఉందక్కా?"

"బానే ఉంది. పొద్దున రూంలోకి వెళ్తే అలవాటు కొద్దీ 'కూర్చోండి' అన్నానురా."

"అయ్యో. మరి వాళ్ళు?"

"కూర్చునే ఉన్నారు."